రిఫరెన్స్ కాల్‌లో మా పాత మేనేజర్ వేరే లెక్క చెబితే ఎలా?

బ్యాచ్‌జాబ్_భాను

అందరికీ నమస్తే, కొంచెం పెద్ద పోస్ట్, ఓపిక చేసుకోండి. నాది 9 ఏళ్ల ఎక్స్‌పీరియన్స్, హైదరాబాద్‌లో బ్యాకెండ్. బెంగళూరు కంపెనీ ఒకదాంట్లో ఇంజినీరింగ్ మేనేజర్ పోస్టుకి ఐదు రౌండ్లు అయిపోయాయి, బానే జరిగాయి. నిన్న రిక్రూటర్ ఫోన్ చేసి ఆఫర్‌కి ముందు ఇద్దరి రిఫరెన్స్ కావాలి, అందులో ఒకరు మీరు డైరెక్ట్‌గా రిపోర్ట్ చేసిన మేనేజర్ అయ్యుండాలి, శుక్రవారం లోపు పేర్లు, నంబర్లు పంపండి అన్నారు.

నా ఇంటర్వ్యూలన్నీ ఒక్క కథ మీదే నడిచాయి. పాత కంపెనీలో రాత్రిపూట పేమెంట్లు సరిచూసే బ్యాచ్ జాబ్ ఒకటి ఉండేది, 6 గంటలు పట్టేది, అది లేటైతే పొద్దున్నే షాపుల వాళ్ళకి డబ్బులు లేటు, ఇంక ఫోన్ల మీద ఫోన్లు. దాన్ని 40 నిమిషాలకి తెచ్చాం. "7 మంది టీమ్, నేను లీడ్ చేశా, డిజైన్ నాదే" అని చెప్పాను.

ఇక్కడే చిక్కు. ఆ కంపెనీలో నా మేనేజర్ సగంలోనే మానేసి డల్లాస్ వెళ్ళిపోయారు. ఆయన వెళ్ళేటప్పటికి మేం 4 మందిమే, జాబ్ 2 గంటలకి వచ్చింది అంతే. మిగతాదంతా ఆయన వెళ్ళాక చేశాం, ముగ్గురు కొత్తగా చేరారు. ఇప్పుడు ఈ బెంగళూరు వాళ్ళు ఫోన్ చేస్తే ఆయన "అవును, 4 మంది, 2 గంటలు" అంటారు కదా, నేను అబద్ధం చెప్పినట్టు అవుతుంది కదా. ఆయనకి ముందే ఏం చెప్పాలి, ఎంత చెప్పాలి? ఏం చెప్పాలో రాసి పంపితే తప్పా?

కూల్_కుమార్99

టెన్షన్ ఎందుకు మేడం, హెచ్ఆర్ వాళ్ళు జాయినింగ్ డేట్, లాస్ట్ వర్కింగ్ డే, డెసిగ్నేషన్ తప్ప ఏం చెప్పరు, అది కంపెనీ పాలసీ. మీ యూఏఎన్‌లో సర్వీస్ హిస్టరీ కరెక్ట్‌గా ఉందో లేదో చూసుకోండి, రిలీవింగ్ లెటర్ దగ్గర పెట్టుకోండి, అయిపోయింది. నాకు రెండు కంపెనీలు మారినప్పుడూ అంతే జరిగింది.

పాత_రిక్రూటర్

కుమార్ గారు చెప్పింది తప్పు కాదు కానీ అది వేరే పని. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ అంటే కాగితాలు, తేదీలు, పీఎఫ్. అది బయటి ఏజెన్సీ చేస్తుంది, ఆఫర్ ఇచ్చాక కూడా నడుస్తూనే ఉంటుంది. భాను గారు అడిగేది మేనేజర్ పోస్టులకి చేసే రిఫరెన్స్ కాల్. అది చాలాసార్లు రేపు మీకు బాస్ అయ్యే మనిషే స్వయంగా చేస్తాడు, 20, 25 నిమిషాలు మాట్లాడతాడు, ఆయన ముందు మీ ఐదు రౌండ్ల ఫీడ్‌బ్యాక్ నోట్స్ తెరిచి ఉంటాయి.

నేను 11 ఏళ్లుగా ఇలాంటి కాల్స్ చేస్తున్నా, కొన్నిటికి పక్కన కూర్చుని వింటున్నా. ఎలా నడుస్తుందో చెప్తా. మొదట "ఆవిడ మీకు ఎలా తెలుసు, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు కలిసి పనిచేశారు". ఇది ఊరికే మర్యాదకి అడిగే ప్రశ్న అనుకుంటారు అందరూ, కాదు, అసలు ప్రశ్న ఇదే. రిఫరీ ఎంతవరకు చూశాడో ఇక్కడ తేలిపోతుంది. మీ మేనేజర్ "నేను ప్రాజెక్టు మధ్యలో మానేశా, నేనున్నప్పుడు 4 మంది" అని ఈ ప్రశ్నకే చెప్పేస్తే 4కి 7కి గొడవే లేదు. ఆ ముక్క చెప్పకుండా పది నిమిషాల తర్వాత "టీమ్ ఎంతమంది" అంటే "నలుగురు" అని ఊరుకున్నారనుకోండి, అప్పుడు అవతల పెన్ను ఆగుతుంది.

తర్వాత "ఆ ప్రాజెక్టులో ఆవిడ పాత్ర ఏంటి" అని ఖాళీగా వదిలేస్తారు, మీరు చెప్పింది వాళ్ళు బయటపెట్టరు. తర్వాత ఎక్కడ సాయం అవసరమైంది, మీ దగ్గర పనిచేసిన వాళ్ళలో ఏ స్థాయి, మళ్ళీ తీసుకుంటారా. ఆఖరి ప్రశ్నకి జవాబు ఏంటన్నది కాదు, ఎంతసేపు ఆలోచించి చెప్పారన్నది వింటాం.

కాబట్టి భాను గారూ, అంకెల కన్నా నాకు మీ పోస్టులో ఇంకో మాట గుచ్చుకుంది. "డిజైన్ నాదే" అన్నారు. నిజంగా మీదేనా?

ఉస్మానియా_ఉదయ్

నేను కూడా సేమ్ ప్రాబ్లమ్ అన్నా, ఎంఎస్ అప్లికేషన్‌కి ముగ్గురు రికమెండేషన్ లెటర్స్ కావాలి, మా హెచ్ఓడీ సార్ "నువ్వే రాసుకొని తీస్కరా, సైన్ చేస్తా" అన్నడు. ఎస్‌ఓపీలో రాసిన ప్రాజెక్ట్ పేరే లెటర్ల గూడ పెట్టాలా?

పాత_రిక్రూటర్

ఉదయ్, అది వేరే ఊరి సంగతి తమ్ముడూ, వేరే పోస్ట్ పెట్టు, అక్కడ చెప్పేవాళ్ళు ఉంటారు.

ముక్కుసూటి_మూర్తి

నా కథ వినండి, లెక్కల వల్ల కాదు, మానేసిన కారణం వల్ల ఇరుక్కున్నా. పాత కంపెనీలో పేపర్ వేసేటప్పుడు మేనేజర్‌కి "అమ్మకి ఒంట్లో బాలేదు, విజయవాడ వెళ్ళాలి" అని చెప్పా. అది నిజమే, అమ్మకి మోకాలి ఆపరేషన్ అయ్యింది. కానీ అసలు ఏడాదిన్నరగా అదే పని చేసి చేసి విసుగొచ్చి ఎప్పుడెప్పుడు మానేద్దామా అని చూస్తున్నా, అమ్మ విషయం చెప్తే నోటీస్ పీరియడ్ 90 రోజుల నుంచి తగ్గిస్తారని అది చెప్పా, అంతే. ఇంటర్వ్యూలో మాత్రం "అక్కడ ఎదుగుదల లేదు" అన్నా. రిఫరెన్స్ కాల్‌లో మా మేనేజర్ పాపం మంచి మనిషి, నా మీద జాలితో "వాళ్ళ అమ్మగారి కోసం మానేశాడండీ, లేకపోతే ఇక్కడే ఉండేవాడు" అన్నాడట. రెండూ నిజమే, కానీ అవతలి వాళ్ళకి రెండు వేర్వేరు కథలు వినపడ్డాయి. రిక్రూటర్ మళ్ళీ ఫోన్ చేసి తిప్పి తిప్పి అడిగాడు, ఆఫర్ మూడు వారాలు ఆగిపోయింది. పేపర్ వేసేటప్పుడు ఏం చెప్పానో నాకే గుర్తులేదు అప్పటికి.

బ్యాచ్‌జాబ్_భాను

మూర్తి గారు, నేను ఆ కోణం అసలు ఆలోచించలేదు. నేను మానేసేటప్పటికి ఈ మేనేజర్ లేరు కాబట్టి అక్కడ బతికిపోయా.

@పాత_రిక్రూటర్ మేడం, దొరికిపోయాను. జాబ్‌ని షాపుల వారీగా ముక్కలు చేసి ఒకేసారి నడపాలన్న ఐడియా మా ఆర్కిటెక్ట్‌ది. ఒక మీటింగ్‌లో బోర్డు మీద గీశారు, పది నిమిషాలు. దాన్ని పట్టుకుని ఏ షాపుకి ఎంత డేటా ఉంది, పెద్ద షాపులు ఒక్కటే ముక్కలో ఇరుక్కుంటే ఏం చేయాలి, సగంలో ఫెయిల్ అయితే ఎక్కడి నుంచి మళ్ళీ మొదలెట్టాలి, ఇదంతా నేను రాశాను, డాక్యుమెంట్ నాదే. మూడో రౌండ్‌లో ఫ్లోలో "డిజైన్ నాదే" అనేశాను. మా మేనేజర్ ఆ మీటింగ్‌లో ఉన్నారు.

మామా_రిఫరల్

ఇంత సీన్ ఎందుకు, నీ క్లోజ్ ఫ్రెండ్ ఎవడైనా ఉంటాడు కదా, వాడి నంబర్ ఇచ్చి మేనేజర్ అని చెప్పు, ఏం మాట్లాడాలో పాయింట్స్ పంపు. మా బ్యాచ్‌లో సగం మంది అంతే.

పాత_రిక్రూటర్

మామా గారూ, ఇలాంటివి వింటే నాకు నవ్వొస్తుంది, కోపం కూడా. ఉత్తుత్తి మేనేజర్ ఎక్కడ దొరుకుతాడో తెలుసా? పొగడ్తలో కాదు, పొగడ్త బ్రహ్మాండంగా చెప్తాడు. "ఆవిడ కింద ఇంకెవరు రిపోర్ట్ చేసేవాళ్ళు, మీరు ఎవరికి రిపోర్ట్ చేసేవారు, ఆ ఏడాది ఆవిడ రేటింగ్ మీద మీ ఇద్దరికీ తేడా వచ్చిందా" అంటే అక్కడ నీళ్ళు నమలడం మొదలు. పైగా కాల్‌కి ముందే లింక్డ్‌ఇన్‌లో చూస్తాం, కంపెనీ మెయిల్ ఐడీ అడుగుతాం, మీరిచ్చిన లిస్టులో లేని మనిషికి కూడా ఫోన్ చేస్తాం. హైదరాబాద్, బెంగళూరు పేమెంట్స్ వాళ్ళలో ఇద్దరిని దాటితే మూడోవాడు అందరికీ తెలిసినవాడే. ఒకసారి దొరికితే ఆ ఉద్యోగంతో ఆగదు.

భాను గారి సంగతి చూద్దాం. అంకెలది జ్ఞాపకం తేడా. డిజైన్‌ది మాట తేడా. రెండింటికీ మందు వేరు. అంకెలకి మీ మేనేజర్‌కి గుర్తు చేస్తే చాలు. డిజైన్ మాటకి మీ మేనేజర్‌ని సర్దమని అడగకూడదు, మీరే సర్దుకోవాలి, అదీ రిక్రూటర్ దగ్గర, కాల్ జరగక ముందు.

డల్లాస్_దుర్గ

నేను రిఫరీ వైపు నుంచి చెప్తా, ఈ ఏడాదే నలుగురికి ఇచ్చాను. ఒకబ్బాయి పేజీన్నర రాసి పంపాడు, "దయచేసి ఇవే చెప్పండి అక్కా" అని. చదివాక నాకు అసలు గుర్తున్నవి కూడా మర్చిపోయా! కాల్‌లో వాడు రాసిన పదాలే నా నోట్లోంచి వచ్చాయి, "ఎండ్ టు ఎండ్ ఓనర్‌షిప్" అని. నేను ఆ మాట జన్మలో వాడను. తర్వాత తెలిసింది, రెండో రిఫరీ కూడా అదే మాట అన్నాడట, వాడికీ అదే పేజీ పంపాడు కదా మరి. అవతలి వాళ్ళకి వెంటనే అర్థమైపోతుంది.

ఇంకో అమ్మాయి ముందు ఫోన్ చేసింది. ఏమీ చెప్పకుండా "అక్కా, ఆ ప్రాజెక్టు గురించి మీకేం గుర్తుంది" అని అడిగింది. నేను చెప్తుంటే వింది. ఒకచోట తప్పు గుర్తుంది నాకు, ఏ నెలలో రిలీజ్ అయ్యిందో, పాత మెయిల్ చూపించింది. ఇంకోచోట తను తప్పుగా గుర్తుపెట్టుకుంది, నేను సరిచేశాను. ఆ అమ్మాయికి రిఫరెన్స్ ఇవ్వడం నాకు సుఖంగా అనిపించింది.

ఇంకొక్క మాట, టైమ్. ఇండియా నుంచి పొద్దున 11కి ఫోన్ చేస్తే ఎండాకాలం ఇక్కడ అర్ధరాత్రి 12:30. తెలియని +91 నంబర్ అయితే పగలు కూడా ఎత్తను, లోన్ కావాలా అంటారు. ఎవరు, ఏ నంబర్ నుంచి, ఎప్పుడు చేస్తారో చెప్పకపోతే మూడు రోజులు అలాగే పోతాయి, అక్కడ రిక్రూటర్ "రిఫరీ అందుబాటులోకి రాలేదు" అని రాసుకుంటాడు.

బ్యాచ్‌జాబ్_భాను

థాంక్స్ దుర్గక్కా, మేడం. నిన్న రాత్రి 8కి, అంటే ఆయనకి పొద్దున, ఫోన్ చేశాను. ముందు అడిగాను, "సార్ మీ పేరు ఇవ్వొచ్చా, మీకు ఇబ్బందైతే మొహమాటం లేకుండా చెప్పండి" అని. వెంటనే సరే అన్నారు. దుర్గక్క చెప్పినట్టే "మీకేం గుర్తుంది సార్" అన్నాను.

ఆయనకి గుర్తున్నది విని ఆశ్చర్యపోయా. 4 మంది, 2 గంటలు సరిగ్గా నేననుకున్నట్టే. బోర్డు మీద గీసిన మీటింగ్ కూడా గుర్తుంది, ఆర్కిటెక్ట్ పేరుతో సహా. కానీ నేను మర్చిపోయిన సంగతి ఒకటి చెప్పారు. మొదటి వారం కొత్త జాబ్ నడిపినప్పుడు ఒక పెద్ద షాపు లెక్క రెండుసార్లు పడింది, రాత్రంతా కూర్చుని పాత జాబ్‌కి వెనక్కి తిప్పింది నేనేనట. "నువ్వు ఆ రోజు ఎవరి మీదా అరవలేదు, అదే చెప్తాను" అన్నారు. ఆ కథ నేను ఏ ఇంటర్వ్యూలోనూ చెప్పలేదు!

తర్వాత ఇది వాట్సాప్‌లో పంపాను, చూసి చెప్పండి ఎక్కువైందా:

"సార్, పోస్టు ఇంజినీరింగ్ మేనేజర్, 8 మంది టీమ్, పేమెంట్స్. ఇంటర్వ్యూలో ఎక్కువగా బ్యాచ్ జాబ్ గురించి మాట్లాడాను. మీరు వెళ్ళాక ముగ్గురు చేరి 7 అయ్యాం, 2 గంటల నుంచి 40 నిమిషాలకి వచ్చింది. ఇది మీరు చూసింది కాదు కాబట్టి మీరు చెప్పక్కర్లేదు, మీరు ఎప్పటివరకు ఉన్నారో చెబితే చాలు. నా లోపం ఏంటని అడిగితే, పని పంచకుండా నేనే చేసేసుకుంటానని చెప్పాను. మీకు వేరేది అనిపిస్తే అదే చెప్పండి. వాళ్ళు మీకు సాయంత్రం 7 తర్వాత, మన టైమ్‌లో, చేస్తారు, నంబర్ రాగానే పంపుతా."

పాత_రిక్రూటర్

బాగుంది. "మీరు చూసింది కాదు కాబట్టి చెప్పక్కర్లేదు" అన్న వాక్యం బంగారం. చాలామంది దీనికి ఉల్టా చేస్తారు, రిఫరీ చూడనిది కూడా చూసినట్టు చెప్పమంటారు, అప్పుడు "ఎలా తగ్గించారు" అని ఒక్క అడుగు లోపలికి వేస్తే ఆ మనిషి దగ్గర మాట ఉండదు. 40 నిమిషాల గురించి మాట్లాడటానికి ఆ టైమ్‌లో ఉన్న రెండో రిఫరీ కావాలి. ఎవరిని ఇస్తున్నారు?

లోపం గురించి చెప్పడం కూడా మంచిదే. మీరు "పని పంచను" అని, ఆయన "గడువులు దాటేస్తుంది" అని చెబితే కొంప మునగదు, మనిషికి రెండు లోపాలుంటాయి. మీరు చెప్పినదాన్ని ఆయన కాదంటేనే కష్టం, "అబ్బే, పని పంచడంలో దిట్ట" అంటే మీరు తేలికైన లోపం ఏరుకుని చెప్పారని అనుకుంటారు.

కూల్_కుమార్99

ఓకే ఒప్పుకుంటున్నా, నాది జూనియర్ లెవెల్, అందుకే అలా జరిగింది. కానీ ఒక డౌట్, చాలా కంపెనీల్లో రిఫరెన్స్ ఇవ్వడమే నిషేధం కదా, మా దగ్గర ట్రైనింగ్‌లోనే చెప్పారు, అన్నీ హెచ్ఆర్‌కి పంపమని.

డల్లాస్_దుర్గ

మా దగ్గరా అదే రూల్. అందుకే నేను కంపెనీ మెయిల్ నుంచి ఒక్క ముక్క రాయను, నా సొంత ఫోన్‌లో, నా సొంత మాటగా చెప్తా. ప్రస్తుతం అదే కంపెనీలో ఉన్నవాళ్ళని అడిగితే ఇరుకున పెట్టినట్టే, మానేసిన వాళ్ళని అడగడం నయం.

పాత_రిక్రూటర్

ఇక్కడ మా వైపు కూడా తప్పుంది, ఒప్పుకోవాలి. ఒక పక్క కంపెనీ మెయిల్ ఐడీ కావాలంటాం, ఇంకో పక్క కంపెనీలు ఇవ్వొద్దంటాయి. నేనైతే లింక్డ్‌ఇన్‌లో మెసేజ్ పెట్టి అదే మనిషని తేల్చుకుంటా, అందరూ అలా ఒప్పుకోరు.

బ్యాచ్‌జాబ్_భాను

రెండో రిఫరీ, తర్వాత చేరిన ముగ్గురిలో ఒకబ్బాయి, నా కింద పనిచేశాడు, ఇప్పుడు వేరే కంపెనీ. 40 నిమిషాల దాకా మొత్తం చూశాడు.

ఇక "డిజైన్ నాదే" సంగతి. ఇవాళ పొద్దున రిక్రూటర్‌కి పేర్లు పంపుతూ కింద రెండు వాక్యాలు రాశాను. "మూడో రౌండ్‌లో డిజైన్ నాదే అన్నాను, సరిగ్గా చెప్పాలంటే ముక్కలుగా నడపాలన్న ఆలోచన మా ఆర్కిటెక్ట్‌ది, వివరమైన డిజైన్, అమలు నావి. నేను ఇచ్చిన మొదటి రిఫరీ ఆ ప్రాజెక్టు మధ్యలో మారారు, అందుకే ఆయన చెప్పే అంకెలు అప్పటివి." పంపాక గుండె దడ. పంపకుండా ఉండాల్సిందా?

ముక్కుసూటి_మూర్తి

నేనైతే పంపేవాణ్ణి కాదు. అడగని దానికి సమాధానం ఇస్తే వాళ్ళకి లేని అనుమానం పుడుతుంది. అంకెల వాక్యం చాలు, డిజైన్ సంగతి కాల్‌లో ఎలా వస్తే అలా రానివ్వాల్సింది.

పాత_రిక్రూటర్

నేను పంపమంటాను, కానీ మూర్తి గారు అన్నదాంట్లో కొంత ఉంది. రిక్రూటర్‌ని బట్టి ఉంటుంది. కొందరు ఆ మెయిల్ మేనేజర్‌కి పంపి "చూడండి ఎంత నిజాయితీ" అంటారు, కొందరు "ఇంకా ఏమేం సరిచేయాలో" అంటారు. నేను చూసినంతలో అభ్యర్థి నోటి నుంచి ముందు విన్నది చిన్నగా ఉంటుంది, రిఫరీ నోటి నుంచి విన్నది పెద్దగా ఉంటుంది. గ్యారంటీ ఏం లేదు.

మామా_రిఫరల్

మేడం ఒక డౌట్, సీరియస్‌గానే. పాత మేనేజర్‌తో గొడవపడి మానేస్తే? వాడు తప్ప వేరే మేనేజర్ లేడు.

పాత_రిక్రూటర్

ఆయన పైవాడు, లేదా మీతో పనిచేసిన వేరే టీమ్ మేనేజర్. "డైరెక్ట్ మేనేజర్‌తో మాకు పడలేదు, అందుకే ఆయన పేరు ఇవ్వట్లేదు" అని ముందే చెప్పండి. అయినా వాళ్ళు ఆయనకి ఫోన్ చేయొచ్చు, మీరు ఆపలేరు. అందుకే గొడవ గురించి ఇంటర్వ్యూలో ఏం చెప్పారో అది ఆయన వైపు నుంచి విన్నా పోలిక ఉండేలా చెప్పి ఉండాలి. "ఆయన రాక్షసుడు" అంటే ఆయన కథకి మీ కథకి అతుకు పడదు. "ఫలానా పని ఎవరిదన్న దాని మీద తేడా వచ్చింది" అంటే ఆయన తిట్టినా అదే గొడవ వినపడుతుంది.

బ్యాచ్‌జాబ్_భాను

అప్‌డేట్. నిన్న రాత్రి సార్‌కి కాల్ వచ్చిందట, 25 నిమిషాలు. మొదటి ప్రశ్నకే "నేను మధ్యలో వచ్చేశాను" అని చెప్పేశారట. డిజైన్ గురించి వాళ్ళే అడిగారట, "ఐడియా ఎవరిది" అని, అంటే నా మెయిల్ చదివారు! సార్ ఉన్నదున్నట్టు చెప్పారట. లోపం అడిగితే మాత్రం నేను చెప్పింది కాదు, "పైవాళ్ళకి కాదు అని చెప్పడం రాదు" అన్నారట. ఆలోచిస్తే నిజమే.

రెండో అబ్బాయి సంగతే తేలలేదు. ఇవాళ మూడుసార్లు ఫోన్ చేశారట, స్పామ్ అని చూపిస్తే కట్ చేశాడు. వాడికి నంబర్ పంపడం నేనే మర్చిపోయా. ఇప్పుడే పంపాను, రేపు 11కి మళ్ళీ చేస్తారట.

డల్లాస్_దుర్గ

నంబర్ సేవ్ చేసుకోమను, చూసి వదిలేయడం కాదు.